రివిజన్ కార్డులతో క్విజ్ షో: స్క్రిప్టు రాసే పద్ధతి, మార్కుల లెక్క

పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే చాలా ఇళ్లలో, బళ్లలో రివిజన్ కార్డులు కనిపిస్తాయి. ఒక వైపు ప్రశ్నో, ఒక పదమో ఉంటుంది. రెండో వైపు జవాబు ఉంటుంది. కొందరు అట్టముక్కల మీద రాసుకుంటారు, కొందరు ఫోన్లో ఆంకీ లాంటి యాప్‌లో పెట్టుకుంటారు. ఒంటరిగా చదువుకునేవాళ్లకు ఇది మంచి సాధనమే. తరగతి మొత్తాన్ని కూర్చోబెట్టి అవే కార్డులను ఒకటొకటిగా తిప్పితే మాత్రం పది నిమిషాల్లో సగం మంది ఆవులిస్తారు. అందుకే టీచర్లు, ట్యూషన్ మాస్టార్లు, అప్పుడప్పుడు తల్లిదండ్రులు కూడా ఆ కార్డులతో క్విజ్ పెడదామనుకుంటారు.

అనుకున్నంత తేలిగ్గా అది కుదరదు. కార్డు మీదున్నది యథాతథంగా చదివి, చెప్పినవాళ్లకు పది మార్కులు వేస్తూ పోతే చివరికి తరగతిలో ఇద్దరు ముగ్గురే ఆడతారు. మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. దాన్ని రివిజన్ అనలేం. కార్డులకూ క్విజ్‌కూ మధ్య ఒక స్క్రిప్టు ఉండాలి. అందులో ఏ ప్రశ్న ఏ రౌండులో వస్తుంది, ఎవరు జవాబు చెప్పాలి, ఎన్ని మార్కులు, ఏ జవాబు ఒప్పుకోవాలి, జవాబు తర్వాత ఏం చెప్పాలి అన్నవన్నీ ముందే రాసి ఉండాలి. ఆ స్క్రిప్టు ఎలా తయారవుతుందో పదో తరగతి జీవశాస్త్రంలోని పోషణ, శ్వాసక్రియ, ప్రసరణ, విసర్జన పాఠాలు తీసుకుని చూద్దాం. మన దగ్గర 48 కార్డులు, 24 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడు ఉన్నాయనుకుందాం.

టీవీ క్విజ్ ఎందుకు పనికిరాదు?

క్విజ్ అనగానే మనకు టీవీ గుర్తొస్తుంది. 2000 జులైలో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ మొదలైంది. తెలుగులో నాగార్జున ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’తో 2014లో అదే పద్ధతి ఇంటింటికీ చేరింది. ఒకరు కుర్చీలో కూర్చుంటారు, ప్రశ్న ప్రశ్నకూ సొమ్ము పెరుగుతుంది, తప్పు చెబితే ఆట అయిపోతుంది. చూసేవాళ్లకు ఉత్కంఠ కోసం కట్టిన పద్ధతి అది. తరగతిలో అదే పెడితే ఒకరు ఆలోచిస్తుంటే ఇరవై ముగ్గురు చూస్తూ కూర్చుంటారు.

బ్రిటన్‌లో 1962 నుంచి వస్తున్న ‘యూనివర్సిటీ ఛాలెంజ్’ పద్ధతి వేరు. ముందు బజర్ నొక్కి చెప్పాల్సిన ప్రశ్నకు 10 పాయింట్లు. అది చెప్పిన జట్టుకు ఒక్కొక్కటి 5 పాయింట్ల చొప్పున మూడు అదనపు ప్రశ్నలు. ప్రశ్న చదవడం పూర్తికాకుండా అడ్డుపడి తప్పు చెబితే 5 పాయింట్లు కోత. చురుకైన జట్టును ఏరి తీయడానికి ఇది చక్కటి ఏర్పాటు. కానీ బజర్ గెలిచిన జట్టుకే మరో మూడు ప్రశ్నలు దక్కుతాయి కాబట్టి తెలిసినవాళ్లకే మళ్లీ మళ్లీ అవకాశం వస్తుంది.

రివిజన్‌కు కావాల్సింది దీనికి తలకిందులు. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చి, కొందరిని దాన్నే మళ్లీ చదవమన్నారు. మరికొందరిని చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందుకొచ్చారు. అంటే లాభం ఆ క్షణంలో బుర్రను తడుముకున్నవాళ్లది. ఈ లెక్కన పక్కవాడు చెప్పిన జవాబు వినేవాళ్లకు దక్కేది కొంచెమే. కాబట్టి మన స్క్రిప్టుకు ఒకటే కొలబద్ద: ప్రతి ప్రశ్నకూ నాలుగు జట్లూ ఏదో ఒక జవాబు ఆలోచించాల్సి రావాలి. రౌండ్లూ మార్కులూ అన్నీ దీని నుంచే పుట్టాలి.

ముందు లెక్క, తర్వాత ప్రశ్నలు

స్క్రిప్టు రాసేవాళ్లు తరచూ ప్రశ్నలతో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది గడియారంతో. ప్రశ్న చదవడానికి పది సెకన్లు, ఆలోచించి రాయడానికి ఇరవై, పలకలు చూసి మార్కులు వేయడానికి పది, వివరణకు మరో పది వేసుకుంటే అతి మామూలు ప్రశ్నకు కూడా 50 సెకన్లు పడుతుంది. జట్టు తరఫున ఒకరు లేచి చెప్పే ప్రశ్నకు 75 సెకన్లు, ఆధారాలు ఒకటొకటిగా ఇచ్చే ప్రశ్నకు 100 సెకన్లు కావాలి. బజర్ ప్రశ్న 40 సెకన్లలో తేలిపోతుంది.

మన పీరియడుకు ఇలా పంచుకోవచ్చు. మొదటి రౌండులో 8 ప్రశ్నలు, రెండో రౌండులో 8, మూడో రౌండులో 4, చివరి బజర్ రౌండులో 6, మొత్తం 26. వీటికి 27 నిమిషాల చిల్లర పడుతుంది. నియమాలు చెప్పడానికి 3 నిమిషాలు, రౌండు రౌండుకూ మధ్య స్కోరు చదవడానికి మొత్తం 3, ముగింపుకు 4 కలిపితే 37 దాటి 38 దగ్గర ఆగుతుంది. మిగిలిన 7 నిమిషాలు జారుడుకు వదిలేయాలి. అన్ని కార్డులూ అడగాలన్న ఆశతో 48 ప్రశ్నలు పెట్టుకుంటే చివరి రౌండు వచ్చేలోపు బెల్లు కొట్టేస్తారు. అప్పుడు వెనకబడ్డ జట్టుకు అన్యాయం జరిగినట్టే అనిపిస్తుంది.

ఇక 48లోంచి 26 ఏరడం. పోషణకు 14 కార్డులు, శ్వాసక్రియకు 10, ప్రసరణకు 14, విసర్జనకు 10 ఉన్నాయనుకుంటే అదే పాళ్లలో 8, 5, 8, 5 తీసుకోవాలి. ఏవి తీసుకోవాలన్నది పిల్లలే చెప్పాలి. క్విజ్‌కు ఒకటి రెండు రోజుల ముందు కార్డులను వేగంగా తిప్పి, ఒక్కో కార్డుకు జవాబు రాయలేకపోయినవాళ్లను చెయ్యెత్తమని, ఆ సంఖ్యను కార్డు మూలన పెన్సిలుతో రాసుకుంటే చాలు. 24 మందిలో ఇద్దరు ముగ్గురు మాత్రమే తప్పిన కార్డు తేలిక. సగం మంది దాకా తప్పినది మధ్యరకం. ఇరవై మంది తప్పిన కార్డును క్విజ్‌లో పెట్టకూడదు. నాలుగు జట్లూ నోరెళ్లబెడితే సమయం పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. దాన్ని ముందు మళ్లీ బోధించాలి. మధ్యరకం కార్డులే క్విజ్‌కు అసలు సరుకు.

కార్డును ప్రశ్నగా మార్చడం

కార్డు మీది విషయం అలాగే ప్రశ్న కాదు. మన కట్టలో ఒక కార్డు ముందు వైపు ‘పైత్యరసం’ అని ఉంది. వెనక వైపు ‘కాలేయం స్రవిస్తుంది, పిత్తాశయంలో నిల్వ ఉంటుంది, కొవ్వులను ఎమల్సీకరణం చేస్తుంది, ఎంజైములు ఉండవు’ అని ఉంది. ఒంటరిగా చదివేవాళ్లకు ఇది సరిపోతుంది. క్విజ్‌లో ‘పైత్యరసం గురించి చెప్పండి’ అంటే ఒక జట్టు రెండు విషయాలు చెబుతుంది, మరో జట్టు మూడు చెబుతుంది. ఎవరికి ఎన్ని మార్కులన్న దగ్గర వాదన మొదలవుతుంది.

ఆ కార్డునే ఇలా మలచవచ్చు: ‘ఎంజైములేవీ లేకపోయినా కొవ్వుల జీర్ణక్రియకు తోడ్పడే రసాన్ని తయారుచేసే అవయవం ఏది?’ జవాబు ఒకే మాట, కాలేయం. కానీ ఆ మాట దాకా రావాలంటే పిల్లవాడు ముందు పైత్యరసాన్ని గుర్తుపట్టాలి, ఆ తర్వాత అది పుట్టే చోటును గుర్తు తెచ్చుకోవాలి. చిన్న జవాబు, రెండడుగుల ఆలోచన. రివిజన్ క్విజ్ ప్రశ్నకు ఇదే మంచి కొలత.

జవాబు పక్కనే మరో రెండు గడులు ఉండాలి. ఒకటి ‘ఒప్పుకోవాల్సినవి’: ఇక్కడ లివర్. ద్విభాషా పాఠ్యపుస్తకాలు వాడే తరగతుల్లో పిల్లలు వృక్కనాళిక అనవచ్చు, నెఫ్రాన్ అనవచ్చు; దారువు అనవచ్చు, జైలం అనవచ్చు. రెండూ సరైనవే అని ముందే రాసుకోకపోతే క్విజ్ నడిపేవాళ్లు తడబడతారు. రెండోది ‘ఒప్పుకోకూడనివి’: ఇక్కడ పిత్తాశయం. చాలామంది పిల్లలు చెప్పేది అదే, ఎందుకంటే పైత్యరసం పేరూ పిత్తాశయం పేరూ ఒకేచోట వింటారు. అది నిల్వ చేస్తుందే తప్ప తయారుచేయదు. ఆ కారణాన్ని ఒక్క వాక్యంలో పక్కన రాసి ఉంచుకుంటే తప్పు చెప్పిన జట్టు కూడా ఒప్పుకుంటుంది.

ప్రశ్న రాశాక వేరొకరికి ఇచ్చి ‘దీనికి మరో సరైన జవాబు చెప్పగలవా?’ అని అడగాలి. ‘ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న రక్తాన్ని మోసే సిర ఏది?’ అన్న ప్రశ్న చూడండి. పుపుస సిర అన్నది కార్డు జవాబు. కడుపులో బిడ్డకు మాయ నుంచి రక్తం తెచ్చే బొడ్డు సిరలో కూడా ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న రక్తమే ఉంటుంది. చురుకైన పిల్ల ఎవరైనా ఆ జవాబు చెబితే తప్పని కొట్టేయలేం. ‘ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చే సిర’ అని ఒక్క మాట చేరిస్తే ఇబ్బంది పోతుంది, కానీ ప్రశ్న మరీ తేలికవుతుంది. అప్పుడు దాన్ని తేలిక రౌండుకు మార్చుకోవాలి. ‘శరీరంలో అతి పెద్ద అవయవం ఏది?’ అన్నదీ ఇలాంటిదే. చర్మం అన్నవాళ్లదే ఒప్పు. కాలేయం జవాబుగా రావాలంటే ‘శరీరం లోపలి అవయవాల్లో’ అని అడగాలి.

నాలుగు రౌండ్లు

జట్లు నాలుగు, జట్టుకు ఆరుగురు. గోదావరి, కృష్ణ, పెన్నా, మంజీర అని పేర్లు పెట్టుకుందాం. ప్రతి జట్టులో ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు ఇవ్వాలి. ప్రతి జట్టుకూ ఒక పలక, సుద్దముక్క.

మొదటిది పలకల రౌండు. ప్రశ్న చదివాక నాలుగు జట్లూ రాసి, ‘చూపించండి’ అన్నప్పుడు ఒకేసారి పలక ఎత్తాలి. ఒప్పుకు 5 మార్కులు, తప్పుకు ఏమీ లేదు. రాసేవాళ్లు ప్రశ్న ప్రశ్నకూ మారాలి. తేలిక కార్డులన్నీ ఇక్కడికే. రక్తపీడనాన్ని కొలిచే పరికరం పేరు అడిగితే స్ఫిగ్మోమానోమీటర్ అని తప్పుల్లేకుండా రాయడం అందరికీ రాదు. చదివితే పేరు సరిగ్గా పలికేలా ఉంటే ఒప్పుకుంటామని నియమాల్లోనే చెప్పేయాలి.

రెండోది జట్టు ప్రశ్నల రౌండు. ఒక్కో జట్టుకు రెండు ప్రశ్నలు. మామూలుగా ఇలాంటి చోట ‘పాస్’ పెడతారు; ఒక జట్టుకు రాకపోతే పక్క జట్టుకు వెళ్తుంది. ఇందులో పైకి కనిపించని లోపం ఒకటుంది. బలహీనమైన జట్టు పక్కన కూర్చున్నవాళ్లకు పాస్ ప్రశ్నలు ఎక్కువగా వస్తాయి. తెలివివల్ల కాక కూర్చున్న చోటు వల్ల మార్కులు పెరుగుతాయి. పాస్ తీసేసి, ప్రశ్న ఎవరిదైనా మిగతా మూడు జట్లూ పలకమీద జవాబు రాసి బోర్లా పెట్టాలని నియమం పెడితే ఈ తేడా పోతుంది. ప్రశ్న తమదైన జట్టులో ఎవరు చెప్పాలో చీటీ తీసి తేల్చాలి. ఆ నంబరు వాళ్లు ఒంటరిగా చెబితే 10, జట్టుతో మాట్లాడి చెబితే 5. మిగతా జట్ల పలకలపై ఒప్పు ఉంటే ఒక్కొక్కరికీ 5.

ఇక్కడ వరస ముఖ్యం. ముందు ప్రశ్న చదవాలి, ఆలోచించే సమయం ఇవ్వాలి, ఆ తర్వాతే చీటీ తీయాలి. ముందే నంబరు చెబితే ఆ ఒక్కరు తప్ప జట్టులో మిగతా ఐదుగురూ ఊపిరి పీల్చుకుంటారు.

మూడోది ఆధారాల రౌండు. ఒక్కో ప్రశ్నకు మూడు ఆధారాలు, కష్టమైనది ముందు. మొదటి ఆధారానికే రాసి ఇచ్చి ఒప్పయితే 15, రెండోదానికి 10, మూడోదానికి 5. ఒక జట్టుకు ఒకే అవకాశం; తప్పు రాసిస్తే ఆ ప్రశ్న నుంచి తప్పుకోవడమే, కోత లేదు. దారువు గురించి ఇలా రాయవచ్చు.

మొదటి ఆధారం: మీరు కూర్చున్న చెక్కబెంచీలో ఎక్కువ భాగం నేనే. నాలోని కణాల్లో చాలావరకు ప్రాణం లేనివి.
రెండో ఆధారం: ఆకుల్లో బాష్పోత్సేకం జరిగితే నాలో పైకి లాగుడు పుడుతుంది.
మూడో ఆధారం: వేర్లు పీల్చిన నీటినీ ఖనిజ లవణాలనూ ఆకులకు చేర్చే కణజాలాన్ని.

మొదటి ఆధారం పాఠాన్ని నిజంగా అర్థం చేసుకున్నవాళ్లకే తగులుతుంది. మూడోది పుస్తకంలో వాక్యమే. మూడో ఆధారం తర్వాత కూడా రెండు జట్లు రాయలేకపోతే ఆ ప్రశ్న మరీ కష్టమని అర్థం. అందరూ మొదటిదానికే రాసిచ్చేస్తే ఆధారాల వరస తప్పిందని అర్థం.

నాలుగోది బజర్ రౌండు. ఒప్పుకు 10, తప్పుకు 5 కోత. కోత ఇక్కడ మాత్రమే ఉంటుంది. మొదటి మూడు రౌండ్లలో పెడితే జంకేవాళ్లు రాయడమే మానేస్తారు. మనకు కావాల్సింది వాళ్లు రాయడం. ఒక జట్టు తప్పు చెబితే ప్రశ్నను పూర్తిగా చదివి మరో జట్టుకు అవకాశం ఇవ్వాలి. ఆ రెండో జట్టూ తప్పితే జవాబు చెప్పేసి ముందుకు వెళ్లాలి. బజర్ యంత్రం లేకపోతే చెయ్యెత్తడమే చాలు, కానీ ఎవరి చెయ్యి ముందు లేచిందో చూడటానికి వేరే మనిషి ఉండాలి. ప్రశ్న చదివేవాళ్లు కాగితం చూస్తారు కాబట్టి ఆ పని వాళ్లది కాదు.

మార్కులను ముందే ఆడించి చూడాలి

10 మార్కులు, 5 కోత అన్న అంకెలను వాడుక కాబట్టి పెట్టేస్తుంటారు. వాటి వెనక ఒక లెక్క ఉంది. ఊహించి చెప్పడంవల్ల లాభమో నష్టమో ఆ లెక్కే తేలుస్తుంది. ఒప్పుకు 10 వచ్చి తప్పుకు 5 పోతే, మూడుసార్లలో ఒకసారి ఒప్పు చెప్పగలిగినవాళ్లకు లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒకసారి 10 వస్తుంది, రెండుసార్లు ఐదేసి పోతాయి. అంతకంటే నమ్మకం ఉంటే చెప్పడం లాభం.

అందుకే బజర్ రౌండులో ‘అవునా, కాదా’ ప్రశ్న పెట్టకూడదు. కళ్లు మూసుకుని చెప్పినా రెండింట ఒకసారి ఒప్పవుతుంది, సగటున లాభమే. నాలుగు ఐచ్ఛికాలు ఇచ్చే ప్రశ్నలో గుడ్డిగా చెబితే సగటున ఒకటింబావు మార్కు పోతుంది, కాబట్టి బాగానే ఉందనిపిస్తుంది. కానీ మొదటి జట్టు తప్పు చెప్పాక మిగిలేవి మూడే. అప్పుడు రెండో జట్టుకు గుడ్డిగా చెప్పినా నష్టం లేదు. కాబట్టి బజర్ ప్రశ్నలకు ఐచ్ఛికాలు లేకుండా ఉండటమే మేలు.

రెండో లెక్క చివరి రౌండు బరువుది. మెరుగైన జట్టు ఒకటి, తడబడే జట్టు ఒకటి ఊహించుకుందాం. మొదటి రౌండులో ఎనిమిదికి ఆరు చెప్పిన జట్టుకు 30, నాలుగు చెప్పినదానికి 20. రెండో రౌండులో తమ రెండు ప్రశ్నలూ ఒంటరిగా చెప్పి, ఇతరుల ఆరింటిలో ఐదు రాసిన జట్టుకు 45. ఒకటి చెప్పి, మూడు రాసినదానికి 25. మూడో రౌండులో నాలుగు ప్రశ్నలకూ రెండో ఆధారం దగ్గర రాసిచ్చిన జట్టుకు 40, మూడోదాని దగ్గర ఇచ్చినదానికి 20. మొత్తం 115, 65. తేడా 50.

బజర్ రౌండులో ఆరు ప్రశ్నలకు గరిష్ఠంగా 60. అంటే వెనకబడిన జట్టుకు ఇంకా దారి ఉంది, కానీ అది ఇరుకు దారి. అదే బజర్ ప్రశ్నకు 20 మార్కులు పెట్టి ఉంటే 120 వచ్చేవి. మూడు రౌండ్లలో సంపాదించిందంతా చెయ్యి వేగం ముందు కొట్టుకుపోయేది. 5 మార్కులే పెట్టి ఉంటే గరిష్ఠం 30. వెనకబడిన జట్టు చివరి రౌండు మొదలు కాకముందే పలక కింద పెట్టేసేది. ఇలా రెండు ఊహా జట్లను కాగితం మీద ఆడించి, చివరి రౌండు గరిష్ఠం వాటి తేడా కంటే కాస్త ఎక్కువగా ఉండేలా మార్కులు సరిచేసుకోవాలి.

సమానం వస్తే ఏం చేయాలో కూడా స్క్రిప్టులో ఉండాలి. జ్ఞాపకం ప్రశ్న కంటే అంచనా ప్రశ్న మేలు, ఎందుకంటే దానికి ఇద్దరూ ఏదో ఒక అంకె రాయగలరు. ‘గుండె నిమిషానికి 72 సార్లు చొప్పున కొట్టుకుంటే ఒక రోజులో ఎన్నిసార్లు?’ అని అడిగి 20 సెకన్లు ఇవ్వండి. జవాబు 1,03,680. దగ్గరగా రాసిన జట్టు గెలిచినట్టు.

స్క్రిప్టు పేజీ ఎలా ఉంటుంది?

రెండో రౌండులోని ఒక ప్రశ్న కాగితం మీద ఇలా ఉంటుంది.

ప్రశ్న 11. కార్డు 9. గోదావరి జట్టుకు.
చదవాల్సింది: ఎంజైములేవీ లేకపోయినా కొవ్వుల జీర్ణక్రియకు తోడ్పడే రసాన్ని తయారుచేసే అవయవం ఏది?
ఆగాలి: 25 సెకన్లు. మూడు జట్లూ రాసి పలక బోర్లా పెట్టాయో లేదో చూడాలి.
చీటీ తీసి: గోదావరి జట్టు, నాలుగో నంబరు. లేచి చెప్పమ్మా. ఒక్కదానివే చెబుతావా, జట్టును అడుగుతావా?
జవాబు: కాలేయం. ఒప్పుకోవాల్సింది: లివర్. ఒప్పుకోకూడనిది: పిత్తాశయం.
అప్పుడు: మిగతా జట్లు, పలకలు ఎత్తండి.
ముగింపు మాట: పైత్యరసం కాలేయంలో తయారై పిత్తాశయంలో నిల్వ ఉంటుంది. కొవ్వును చిన్న చిన్న బిందువులుగా విడగొడుతుంది. ఆ తర్వాత ఎంజైముల పని సులువవుతుంది.
ఒప్పు రాసిన జట్లు: ___ / 4

ముగింపు మాటే రివిజన్‌కు ప్రాణం. ‘కరెక్ట్, పది మార్కులు’ అని ముందుకు పోతే తప్పు రాసిన జట్టుకు తప్పెందుకో తెలియదు. అలాగని రెండు నిమిషాల పాఠం చెప్పినా ఆట చల్లబడుతుంది. రెండు వాక్యాలు దాటకుండా ముందే రాసుకుంటే రెండు ఇబ్బందులూ ఉండవు.

ప్రశ్నల వరసను ఒకసారి చివరి నుంచి మొదటికి చదవాలి. ఒక ప్రశ్న ముగింపు మాటే ఆ వెంటనే వచ్చే మరో ప్రశ్నకు జవాబైపోతుంటే తెలుస్తుంది. పైన చూసిన ముగింపు మాటలో పిత్తాశయం పేరుంది కాబట్టి వెంటనే ‘పైత్యరసం ఎక్కడ నిల్వ ఉంటుంది?’ అని అడిగితే చెవిలో ఉన్నది తిరిగి చెప్పడమే. అదే ప్రశ్నను పదిహేను నిమిషాల తర్వాత బజర్ రౌండులో పెడితే మరోసారి గుర్తు తెచ్చుకున్నట్టవుతుంది. ఇలాంటి పునరావృతాలు రెండు మూడు కావాలనే పెట్టుకోవచ్చు.

నడిపేటప్పుడు కనిపించే సూచనలు

స్క్రిప్టు ఎంత బాగా రాసినా తరగతిలో కొన్ని బెసుకుతాయి. ఏ జట్టులోనైనా పలక ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉంటే రాసేవాళ్లు మారాలన్న నియమం నీరుగారినట్టే. అప్పుడు నంబరు పిలిచి వాళ్లతోనే రాయించాలి. మొదటి రౌండులో నాలుగు జట్లకూ ఎనిమిదికి ఎనిమిది వస్తే ప్రశ్నలు మరీ తేలిక. రెండో ప్రశ్నకే వాదన వస్తే ‘ఒప్పుకోవాల్సినవి’ గడి సరిగా నింపలేదన్నమాట. వాదన వచ్చినప్పుడు నిమిషం దాటి సాగనివ్వకూడదు. రెండు జవాబులూ నిజంగా సరైనవైతే రెండింటికీ మార్కులు వేసి, ఆ ప్రశ్నను స్క్రిప్టులో గుర్తుపెట్టి తర్వాత సవరించుకోవాలి. సమయం జారిపోతుంటే కోసేయాల్సింది ఆధారాల రౌండులో ఒక ప్రశ్ననే. రెండో రౌండులో తగ్గిస్తే జట్లకు ప్రశ్నలు సమానంగా రావు. బజర్ రౌండులో తగ్గిస్తే పైన వేసిన తేడా లెక్క చెడుతుంది.

గెలిచిన జట్టు పేరు బోర్డు మీద రాశాక టీచరు దగ్గర మిగిలే విలువైన కాగితం స్కోరు పట్టిక కాదు. ప్రతి ప్రశ్న కింద ‘ఒప్పు రాసిన జట్లు’ అన్న గడి ఉంది కదా. అక్కడ సున్నానో ఒకటో పడ్డ కార్డులను పక్కకు తీసి, మర్నాడే మళ్లీ చెప్పండి. వారం తర్వాత ఆ కార్డులను ఈసారి అడగకుండా మిగిలిన 22 కార్డులతో కలిపి మరో క్విజ్ కట్టండి. మూడు నాలుగు జట్లు రాయగలిగిన కార్డులకు అప్పటిదాకా సెలవు. పదే పదే వచ్చిన ప్రశ్నలే అడిగి పిల్లలచేత చప్పట్లు కొట్టించే క్విజ్ కంటే, రాని ప్రశ్నల జాబితా చేతిలో పెట్టే క్విజ్‌తోనే పరీక్షకు ఎక్కువ ఉపయోగం.